చుక్కాలో చుక్కాలో: భైంసా సంక్రాంతి కబుర్లు

సంక్రాంతి దగ్గరికొచ్చిందని మా భైంసాలో క్యాలెండరు చూసి తెలుసుకోవాల్సిన పని లేదు. జిన్నింగు మిల్లుల వైపు పోయే బండ్ల మీంచి రాలిన పత్తి పింజలు రోడ్డు పక్క ముండ్లకంపలకు తట్టుకుని తెల్లగా ఊగుతుంటయి. పొద్దున ఎనిమిదైనా మఫ్లరు తీయబుద్ధి కాదు. పాత ఆదిలాబాద్ జిల్లా చలి ఎట్లుంటదో వేరే చెప్పనక్కర్లేదు, టీవీలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ చలి లెక్క చెప్పినప్పుడల్లా మా దిక్కు ఊర్ల పేర్లే ముందొస్తయి. మేం 2016 నుంచి నిర్మల్ జిల్లా వాళ్ళమైనా చలి మాత్రం పాత జిల్లాదే.

బజార్లో ఇప్పుడు మూడే మూడు సరుకుల సందడి. ఒకటి నువ్వులు. రెండోది గురుగులు. అంటే చిన్న చిన్న మట్టి ముంతలు. సంక్రాంతి నోములకు వీటిల్లో రేగుపండ్లు, చెరుకు ముక్కలు, నువ్వులు, పచ్చి శనగకాయలు, పసుపు కొమ్ములు నింపుతాం. మహారాష్ట్ర సరిహద్దు ఇక్కడికి కూతవేటు దూరం కాబట్టి అవే ముంతలను పక్క దుకాణంలో మరాఠీ ఆడవాళ్ళు ‘సుగడ్’ అని అడిగి కొంటుంటరు. ముంత ఒకటే, నింపే సరుకూ దాదాపు అదే. బేరం ఏ భాషలో చేసినా ధర మాత్రం తగ్గదు. మూడోది ముగ్గు రంగులు. గోనెసంచి మూతులు విప్పి, కుప్పలు పోసి, మీద స్టీలు గ్లాసు బోర్లించి పెడతరు. గులాబి, ఆకుపచ్చ ముందే అయిపోతయి. ఊదారంగు పండుగ తెల్లారి దాకా మిగులుతది.

చేన్లల్లో కంది కోత నడుస్తున్నది. శనగ కాయ పట్టింది. పిల్లలు బడి నుంచి వచ్చేటప్పుడు గట్టు మీది శనగ చెట్టు పీక్కుని నములుతూ వస్తరు, పెదవుల మీద ఆ పులుపు రెండు రోజులుంటది. యాసంగి జొన్న ముందు విత్తినవాళ్ళకు కంకి పాలు పోసుకుంటున్నది. భోగి నాడు ఇంట్లో సజ్జ రొట్టె మీద నువ్వులద్ది కాల్చి, కాలానికి దొరికిన కూరగాయలన్నీ కలిపి వండుకునుడు మా రెండు భాషల వాళ్ళకూ అలవాటే.

ఇగ అసలు కబురుకొస్తా. ఈసారి మా గల్లీలో ముగ్గు పాట కొత్తగా కట్టుకున్నాం.

ఎందుకంటరా? పోయిన సంక్రాంతులన్నీ చూసినం కదా. ముగ్గుల పోటీ అంటే చాలు, డబ్బాలంత స్పీకర్లు తెచ్చి పెడతరు. సినిమా పాట మోగుతుంటది, మనం మూతి బిగించుకుని చుక్కలు కలుపుతుంటం. రంగుకు మార్కులుంటయి, చక్కదనానికి మార్కులుంటయి, గొంతుకు ఉండవు. ఎదురింటి అక్క ఈసారి తెగేసి చెప్పింది: “పోటీల కాడ వాళ్ళ పాటే మోగనీ. మన వాకిట్ల మన పాట ఉండాలె. బతుకమ్మకు పాడినోళ్ళం, సంక్రాంతికి నోరెందుకు రాదు?”

అడగాల్సిన ప్రశ్నే. కోస్తా దిక్కు గొబ్బెమ్మ చుట్టూ తిరిగి చప్పట్లు కొడుతూ పాడే పాటలు బాగా నిలిచినయి. అన్నమయ్యంతటి ఆయన గొబ్బి పాట రాసిండంటే ఆ వరుస ఆడవాళ్ళ నోట్లో 15వ శతాబ్దానికే ఎంత గట్టిగా ఉండెనో తెలుస్తది. మా దిక్కు గొబ్బెమ్మ పెడతాం, గరిక గుచ్చుతాం, రేగుపండ్లు, జొన్న కంకి పెడతాం గాని, గొంతు మాత్రం ఏడాదంతా బతుకమ్మకే దాచుకుంటం. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయినంక ఆ పాటలు బడిలోకీ టీవీలోకీ వచ్చినయి. సంక్రాంతి వాకిలి పాటకు అట్లాంటి అండ లేదు. అందుకని మాకు వచ్చిన దాంట్లోంచే, అంటే బతుకమ్మ పాట కొలతలోంచే, ముగ్గు పాట తీద్దామనుకున్నాం.

మొదట తేల్చుకోవాల్సింది వంత మాట. ప్రతి ముక్క చివర అందరూ కలిసి పలికే మాట. బతుకమ్మలో ‘ఉయ్యాలో’ ఉన్నట్టు దీనికేం పెట్టాలె? మా వదిన ‘సంక్రాంతి’ అని పెడదామన్నది. పాడి చూస్తే చివర ‘తి’ దగ్గర గొంతు టక్కున ఆగిపోతున్నది. పొట్టి అక్షరం మీద ఎంతసేపని నిలబడతం? చెప్పేటామె ఆగిపోతే అందుకునేటోళ్ళకు ఎక్కడ దూరాలో తెల్వది. తర్వాత ‘ముగ్గులో’ అని చూసినం. చివర సాగుతున్నది గాని ఏదో తక్కువైనట్టుంది. లెక్కేస్తే తెలిసింది. పొట్టి అక్షరానికి ఒకటి, పొడుగు అక్షరానికీ ఒత్తు ముందున్న అక్షరానికీ రెండు వేసుకుంటే ‘ఉయ్యాలో’ ఆరొస్తది, ‘ముగ్గులో’ అయిదే వస్తది. ఆ ఒక్కటి దగ్గర కాలు తడబడుతున్నది. చివరికి ‘చుక్కాలో’ కుదిరింది. రెండు, రెండు, రెండు, ఆరు. ఉయ్యాలో పాడిన ఏ గొంతైనా అందులో ఇట్టే ఒదిగిపోతది.

ఇక పాట లోపలి ముక్క. ఉయ్యాలో పాటల్లో చాలావాటికి వంత మాట ముందు వచ్చే ముక్క అయిదు, అయిదు, పది మాత్రలుగా నడుస్తది. ‘తకతకిట తకతకిట’ అని నోట్లో అనుకుంటే చాలు, అదే తూకం. మేమూ అదే పెట్టుకున్నాం. మొదటి చరణం ఇట్లా వచ్చింది:

వాకిలూడ్చితిమమ్మ చుక్కాలో
పేడ సానుపు జల్లి చుక్కాలో

చూసిన్రా, ‘పేడసా’ అయిదు, ‘నుపుజల్లి’ అయిదు. మాట మధ్యలో విరిగినా పాట విరగదు. చదివితే ఎబ్బెట్టుగా ఉన్నది పాడితే నున్నగా పోతది. అందుకే జానపద పాటను కాగితం మీద చూసి “ఇదేం కవిత్వం” అనేవాళ్ళ మాట నేను చెవిన పెట్టను.

వంత పాడుడు మూడు తీర్లుంటది. చెప్పేటామె ముక్క అన్నంక మిగిలినవాళ్ళు ‘చుక్కాలో’ ఒక్కటే అనొచ్చు. చిన్న పిల్లలకూ కొత్త కోడండ్లకూ ఇది సులువు. రెండో తీరులో చెప్పిన చరణం మొత్తం తిరిగి చెప్తరు. ఇందులో ఒక మతలబు ఉంది. అందరూ చరణాన్ని తిప్పి పాడే లోపల చెప్పేటామెకు తర్వాతి చరణం గుర్తు చేసుకోను, గుర్తు లేకుంటే అప్పటికప్పుడు కట్టుకోను సమయం దొరుకుతది. బతుకమ్మ ఆటల్లో పెద్దవాళ్ళు గంటల తరబడి ఆగకుండ పాడుతరంటే వాళ్ళ జ్ఞాపకంతో పాటు ఈ తిరుగు వంత కూడా ఆసరా. మూడోది ఎదురు జవాబు. ఒకరు అడుగుతరు, మిగిలినవాళ్ళు బదులు చెప్తరు. ఇది కష్టం, కాని రక్తి దీంట్లోనే ఉంది.

మేం పై చరణాన్ని తిరుగు వంతగా పెట్టుకున్నాం, అందరికీ బాణీ నోట్లో పడాలని. ఆ తర్వాత అంతా ఎదురు జవాబే. ఏం అడగాలె, ఏం చెప్పాలె అన్నది మాకు ముగ్గే నేర్పింది.

మా వాకిట్లకు సరిపోయేది 7 చుక్కల సందు ముగ్గు. మధ్య వరుసలో 7, దాని పైన సందుల్లో 6, తర్వాత 5, తర్వాత 4. కింద కూడా అట్లనే 6, 5, 4. మొత్తం ఏడు వరుసలు, 37 చుక్కలు. పై నుంచి కిందికి చదివితే 4, 5, 6, 7, 6, 5, 4. ఎక్కుతది, నడుమ నిలబడతది, దిగుతది. దీనికి మించిన పాట కట్టడం ఇంకేం కావాలె? వరుసకో ప్రశ్న, వరుసకో జవాబు. ఎక్కేటప్పుడు పంట, నడుమ ఆడవాళ్ళు, దిగేటప్పుడు తగ్గిపోయినవాళ్ళు.

ఎక్కే వరుసలు ఇవి.

అడిగే గొంతు:
నాలుగే చుక్కలకు చుక్కాలో
నాకేమి తెస్తవే చుక్కాలో
అందుకునే గొంతులు:
నాలుగెడ్లకు గంట చుక్కాలో
మువ్వలూ తెస్తనే చుక్కాలో

అడిగే గొంతు:
అయిదుకో పేరుంటె చుక్కాలో
ఆ పేరు చెప్పవే చుక్కాలో
అందుకునే గొంతులు:
కంది పెసరా జొన్న చుక్కాలో
శనగ నువ్వుల గింజ చుక్కాలో

అడిగే గొంతు:
ఆరు చుక్కల కాడ చుక్కాలో
ఆగెనే నా చెయ్యి చుక్కాలో
అందుకునే గొంతులు:
ఆరు నెలలా పత్తి చుక్కాలో
ఏరిందె ఆ చెయ్యి చుక్కాలో

ఈ పత్తి చరణం ఎవరిదంటే, రోజూ కూలికి పోయే ఒక చెల్లెది. ఆమె మాటల్లో మాటగా అన్నది: “ఆరు చుక్కలకే చెయ్యి నొస్తదా? ఆరు నెల్లు పత్తేరిన చెయ్యి గదనే ఇది!” మేం దాన్నే అయిదు అయిదుకు సరిచేసుకున్నాం. పత్తి కాయ పగిలినంక దాని అంచులు ఎట్లా గీరుకుంటయో ఏరినోళ్ళ వేళ్ళు చూస్తే తెలుస్తది. ముగ్గు పిండి ఆ గీతల్లో పడి తెల్లగా మెరుస్తది. పండుగ నాటికి రెండో ఏరుడు, మూడో ఏరుడు అవుతుంటయి కాబట్టి గల్లీలో సగం మంది చేతులు అట్లనే ఉన్నయి.

నడిమి వరుస:

అడిగే గొంతు:
ఏడు నడిమిట్లుండె చుక్కాలో
ఏడు ఎవరెవరమ్మ చుక్కాలో
అందుకునే గొంతులు:
ఏడిండ్ల ఆడోళ్ళు చుక్కాలో
ఒక్క వాకిట జేరె చుక్కాలో

ఇక దిగుడు:

అడిగే గొంతు:
ఆరుకొచ్చెను మల్ల చుక్కాలో
ఏమి తగ్గెనె వదిన చుక్కాలో
అందుకునే గొంతులు:
ఒకరు అత్తింటికీ చుక్కాలో
పోయినారీయేడు చుక్కాలో

అడిగే గొంతు:
అయిదుకే దిగెనమ్మ చుక్కాలో
ఇంకెవరు పోయిరే చుక్కాలో
అందుకునే గొంతులు:
పట్నంల బిడ్డతో చుక్కాలో
పండుగా జేసిరే చుక్కాలో

అడిగే గొంతు:
నాలుగే మిగిలెనా చుక్కాలో
నా ముగ్గు కొస యేది చుక్కాలో
అందుకునే గొంతులు:
నాలుగే మూలలై చుక్కాలో
నిలిచె ముగ్గుకు కాపు చుక్కాలో

ఆఖరి చరణం విని మా మేనకోడలు, ఇంటరు చదువుతున్నది, లేచి అడిగింది: “అత్తా, సందు చుక్కల ముగ్గుకు ఆరు మూలలొస్తయి. నాలుగెక్కడివి?” నిజమే మరి. పై వరుస కొసలు రెండు, నడిమి వరుస కొసలు రెండు, కింది వరుస కొసలు రెండు, ఆరే. ఎదురింటి అక్క చాట చేతుల్లోంచి దించకుండనే జవాబిచ్చింది: “ముగ్గుకు ఆరు, ఇంటికి నాలుగు. పాట ఇంటిది.” దానికి మేనకోడలు కూడా నోరు మూసింది. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకునే పిల్లను మా గల్లీలో ఎవరైనా గెలిచిన సందర్భం అదొక్కటే.

పాట కట్టుడు ఒక ఎత్తు, ముగ్గుతో కలిపి పాడుడు ఇంకో ఎత్తు. మొదటి పొద్దు చుక్కలు పెడుతూనే పాట మొదలుపెట్టిన్రు. పాటలో 4 ముందొస్తది కదా అని చుక్కలు కూడా 4 నుంచే పెట్టబోయిన్రు. సందు ముగ్గు అట్లా రాదు. 7 చుక్కల నడిమి వరుస ముందు సూటిగా పడాలె, ఆ చుక్కల సందుల్లోనే 6 పడాలె, వాటి సందుల్లో 5. చిన్న వరుసతో మొదలుపెడితే ప్రతి వరుసకు అటు ఒకటి, ఇటు ఒకటి చుక్కను అందాజుగా బయట పెట్టుకుంటూ పోవాలె. 7 దాకా వచ్చేసరికి వరుస ఒకపక్కకు ఒరుగుతది. ఒరిగిందో లేదో చూసుకునే ఉపాయం ఉంది. వాకిట్ల ఒక కొసకు నిలబడి నిలువుగా చూడాలె. 4 చుక్కల వరుసలోవి, 6 చుక్కల వరుసలోని నడిమి నాలుగింటికి నెత్తిన నెత్తి ఉండాలె. 5 చుక్కలవి 7లోని నడిమి అయిదింటికి సూటిగా ఉండాలె. తేడా కనబడితే గీత కలపకముందే చెరిపి పెట్టుకోవాలె. గీతలు మొదలైనంక సరిదిద్దబోతే మెలికలన్నీ ఒకదాని మీదొకటి పడతయి.

అందుకని ఒక నియమం పెట్టుకున్నాం. చుక్కలు పెట్టేటప్పుడు పాట లేదు, లెక్క ఒక్కటే. నోటితో “ఏడు” అంటూ చేత్తో ఆరు పెట్టుడు చాలామందికి జరిగేదే. 37 చుక్కలూ పడి, నిలువు చూసుకున్నంక, పై వరుస నుంచి గీతలు కలిపేటప్పుడు పాట ఎత్తుకోవాలె. అప్పుడు పాటా ముగ్గూ ఒకే దారిలో 4 నుంచి కిందికి దిగుతయి. గీసేటామె వరుస దాటితేనే అడిగేటామె తర్వాతి ప్రశ్న వేయాలె. గీత ఆలస్యమైతే జవాబును ఇంకోసారి తిప్పుకుంటరు. చెయ్యి ముందుంటది, పాట దాని వెనక నడుస్తది.

రెండో చిక్కు ఊపిరిది. నడుము వంచి గీసేటప్పుడు పొట్ట నొక్కుకుపోతది. పది మాత్రల ముక్క, దాని మీద సాగదీసే వంత మాట, మల్లొక పది, మల్లొక వంత. వంగినామె ఇది మొత్తం పాడలేదు. రెండో ముక్కకే గొంతు ఎండుతది, చలికి దగ్గు తోడైతది. కాబట్టి అడిగే గొంతు గీసే మనిషిది కావొద్దు. అడిగేటామె గడప మీదనో అరుగు మీదనో కూర్చోవాలె, రంగుల పళ్ళెం పట్టుకుని. గీసే ఇద్దరూ ‘చుక్కాలో’ వరకే అంటరు. జవాబు మొత్తం చెప్పేది చుట్టూ నిలబడ్డ నలుగురు. వాళ్ళు రంగులు నింపే వంతు వచ్చినప్పుడు గీసినవాళ్ళు లేచి జవాబు పాడుతరు. ఇట్లా గొంతులు మారుతుంటే పాట అలసిపోదు.

మూడోది, అందుకునే చోటు. ఇది చెప్పుడు కష్టం, పాడితే తెలుస్తది. అడిగేటామె ‘చుక్కాలో’ అని ‘లో’ మీద నిలబడ్డప్పుడు, ఆ ‘లో’ ఇంకా గాలిలో ఉండగనే జవాబు మొదటి అక్షరం పడాలె. ‘లో’ అయిపోయి, ఒక్క ఊపిరి గ్యాపొచ్చి, అప్పుడు మొదలుపెడితే పాట మెట్ల మీద నీళ్ళబిందె దించినట్టు కుదుపులు కుదుపులుగా నడుస్తది. మరీ ముందే దూకితే అడిగిన మాట వినబడదు. ఇక ఎత్తు సంగతి. ప్రతి వరుసకు పాట మనకు తెల్వకుండనే కొంచెం పైకి ఎక్కుతది. 4 దగ్గర మామూలుగా మొదలైన గొంతు 7 దగ్గరికి వచ్చేసరికి మెడ నరాలు లేస్తయి. మా పెద్దమ్మ దీనికి మందు చెప్పింది. మొదలు ఎత్తుకునేటప్పుడే, మనకు బాగుందనిపించిన ఎత్తు కంటే ఒక మెట్టు కిందికి దించి ఎత్తుకోవాలట. మొదట అందరూ “ఏందీ ఏడుపు గొంతు” అని నవ్విన్రు. 7 దాకా వచ్చినంక ఎవ్వరూ నవ్వలేదు.

పక్కింటి వైనీ మరాఠీ ఆవిడ. ఆమె తెలుగు బాగా మాట్లాడుతది గాని పాట అందుకునుడు మొదట్లో కుదరలేదు. వాళ్ళ అలవాటు ఓవీలది. ఇసుర్రాయికి అటొకరు ఇటొకరు కూర్చుని పిండి విసురుకుంటూ పాడే పాటలవి. రాయి తిరిగే వేగమే వాళ్ళ తాళం. పుణె కేంద్రంగా హేమా రాయిర్‌కర్, గీ ప్వాత్వాఁ అనే ఇద్దరు మహారాష్ట్ర పల్లెల్లో తిరిగి, సాయం చేసేవాళ్ళను కూడగట్టుకుని అట్లాంటి ఓవీలు లక్షకు పైగా పోగు చేసిన్రు. ఇసుర్రాళ్ళు మూలకు పడ్డంక ఆ పాడే సందర్భమే పోయింది కాబట్టి ఆ పని సమయానికి జరిగిందనే చెప్పాలె. మా వైనీ నాలుగు పొద్దులు మాతో కూర్చుని ‘చుక్కాలో’ పట్టేసింది. పట్టినంక ఊరుకోలేదు. సంక్రాంతి నుంచి రథసప్తమి దాకా వాళ్ళిండ్లల్లో పసుపు కుంకుమ పేరంటాలు నడుస్తయి, నువ్వుల లడ్డు చేతిల పెట్టి తియ్యగ మాట్లాడుకుందామంటరు. ఆ పేరంటంలో మొగుని పేరు ఊరికే చెప్పరు, రెండు ముక్కల ప్రాసలో దాచి చెప్తరు. దాన్ని ఉఖాణా అంటరు. ఆమె మా 7 చుక్కల వరుస దగ్గర “ఏడు ఎవరెవరమ్మ” అనగానే జవాబులో ఏడిండ్ల ఆడోళ్ళు ఒక్కొక్కరు వాళ్ళాయన పేరు చెప్పాలని పట్టుబట్టింది. ఆ ఒక్క వరుస ఆ రోజు అరగంట పట్టింది. నవ్వులతో ముగ్గు మీద రంగు రెండు చోట్ల చెదిరింది. ఎవరి పేర్లు ఏమొచ్చినయో ఇక్కడ రాయను, ఇండ్లల్లో తంటాలొస్తయి.

రాసుకునే సంగతి ఒకటి చెప్పాలె. జానపద గేయాల మీద బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో చేసిన పరిశోధన 1958లో పుస్తకంగా వచ్చింది. ఆ తర్వాత తెలుగులో పాటలు పోగు చేసినవాళ్ళు చాలామంది. మా ఇంట్లో కూడా నోటుబుక్కుల్లో రాసుకున్న పాటలున్నయి. అయితే అట్లా ఇంట్లో రాసుకున్నవి తీసి చూస్తే ఒక లోటు కనబడతది. చెప్పే గొంతు మాటలే ఉంటయి. అందుకునే గొంతులు ఏమన్నయో, మొత్తం తిప్పినయో, వంత మాట ఒక్కటే అన్నయో, బదులు చెప్పినయో రాయరు. ‘ఉయ్యాలో’ను కూడా మొదటి చరణానికి రాసి, తర్వాత చుక్కలు పెట్టి వదిలేస్తరు. పాడినవాళ్ళు బతికున్నంత కాలం ఫరవాలేదు. తర్వాత ఆ కాగితం పట్టుకుని ఎవరన్నా పాడబోతే ఒక్క గొంతు పాటగా మారిపోతది. మా అత్తమ్మ రాసిన దంచుడు పాట ఒకటి అట్లనే ఉంది. మాటలన్నీ ఉన్నయి, ఎక్కడ ఎవరు అందుకోవాలో తెల్వక ఇప్పటిదాకా అది మా నోటికెక్కలేదు. ఫోనులో రికార్డు చేసినా ఇదే తిప్పలు. ఫోను చెప్పేటామె ముందు పెడతరు, వంత పాడేవాళ్ళు దూరంగా గొణిగినట్టు వినబడతరు. ఫోనును నడుమ ముగ్గు పక్కన పీట మీద పెడితే రెండు దిక్కులా సరిగ్గా వస్తది. పిండి పడకుండ మీద పల్చటి బట్ట వేయండి.

మిగతా కబుర్లు క్లుప్తంగా. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మెస్రం వంశం వాళ్ళు గోదావరి నీళ్ళు కాలినడకన తెస్తరు, ఆ వంశపు ఆడపడుచులూ అల్లుళ్ళూ మట్టితో పుట్టలు చేస్తరు. మా గల్లీ నుంచి ఒక జీపు పోతదని వినికిడి, సీట్లు ఉన్నయో లేదో అడగాలె. మాఘంలో వసంత పంచమికి బాసర కిటకిటలాడుతది. అక్షరాభ్యాసం పిల్లలున్నవాళ్ళు ముందు రోజే చేరుకుంటే మంచిది. ఆ రెండు రోజులకే రథసప్తమి, వైనీ ఇంట్లో చివరి పేరంటం. ఆనాటికి రథం ముగ్గుకు కూడా పాట కావాలని ఇప్పుడే ఒత్తిడి మొదలైంది. రథం ముగ్గుకు చుక్కల లెక్క వేరు, చక్రాల దగ్గర గీత చుట్టూ తిరుగుతది. దానికి ఎక్కి దిగే పాట పనికిరాదు. ఏం చేయాలో ఇంకా తేలలేదు.

చదివేవాళ్ళకు ఒక్క మాట. మీ ఇంట్లో వాకిలి పాటో, కల్లం పాటో, దంచుడు పాటో పాడే పెద్దవాళ్ళుంటే ఈ సంక్రాంతికి రాసుకోండి. రాసేటప్పుడు కాగితాన్ని నిలువుగా రెండుగా మడిచి, ఎడమ పక్క చెప్పే గొంతు, కుడి పక్క అందుకునే గొంతు రాయండి. వంత మాటను ప్రతిసారీ పూర్తిగా రాయండి, చుక్కలు పెట్టి వదలకండి. ‘లో’ ఎక్కడ సాగుతదో అక్కడ గీత గీయండి. కుడి పక్క ఖాళీగా ఉందంటే పాట సగమే వచ్చిందని లెక్క. వెళ్ళి ఇంకోసారి పాడించుకోండి, ఈసారి పక్కన ఇద్దరిని కూర్చోబెట్టి.